సిరంజి పంపు వాడే విధానం: నర్సుల కోసం తెలుగు ప్రతి

ఈ ప్రతి గురించి

పంపుతో పాటు వచ్చిన ఇంగ్లీషు సూచనల పుస్తకంలో, నర్సులు రోజూ వాడే భాగాలకు ఇది తెలుగు. దశల సంఖ్యలు రెండు ప్రతుల్లోనూ ఒకటే. బయోమెడికల్ ఇంజనీరు ఫోన్లో "పదో దశ దగ్గర ఏమైంది?" అని అడిగితే, ఆయన చేతిలో ఇంగ్లీషు ప్రతి, మీ చేతిలో తెలుగు ప్రతి ఉన్నా ఇద్దరూ ఒకే చోటు చూస్తారు. తెలుగులో వాక్యం సాఫీగా రావాలని ఎక్కడా రెండు దశలను కలపలేదు, వరుస మార్చలేదు. ప్రతి హెచ్చరికా అది వర్తించే దశకు ముందే ఉంటుంది. దయచేసి హెచ్చరిక పూర్తిగా చదివాకే ఆ దశ మొదలుపెట్టండి.

పంపు స్క్రీన్ మీద, బటన్ల మీద ఇంగ్లీషులోనే ఉంటుంది కాబట్టి ఆ మాటలను ఇక్కడ కూడా అలాగే ఉంచాం: START, STOP, PURGE వంటివి. ఎక్కడైనా రెండు ప్రతుల మధ్య తేడా కనిపిస్తే ఇంగ్లీషు ప్రతినే పాటించండి, ఆ తేడాను వెంటనే వార్డు ఇన్‌ఛార్జికి చెప్పండి.

హెచ్చరిక అని ఉన్నచోట, పాటించకపోతే రోగి ప్రాణానికి ముప్పు రావచ్చు, తీవ్ర హాని జరగవచ్చు. జాగ్రత్త అని ఉంటే చిన్న గాయం కావచ్చు, లేదా పంపు పాడవవచ్చు. గమనిక అంటే పని సులువయ్యే సమాచారం.

పంపు దేనికి, ఎవరికి

సిరంజిలోని మందును తక్కువ మోతాదులో, ఒకే వేగంతో రక్తనాళంలోకి పంపడానికి ఈ పంపు. 5, 10, 20, 30, 50 mL సిరంజిలు పడతాయి. వేగం గంటకు 0.1 mL నుంచి 1200 mL వరకు పెట్టవచ్చు. పంపు మీద శిక్షణ పొందిన నర్సులు, డాక్టర్లు మాత్రమే వాడాలి.

హెచ్చరిక: ఎంఆర్ఐ గదిలోకి ఈ పంపును తీసుకెళ్లకూడదు. అయస్కాంతం పంపును లాగేస్తుంది, లేదా మందు వేగం మారిపోతుంది.

హెచ్చరిక: పంపు ఉంది కదా అని రోగిని గమనించడం తగ్గించకండి. కాన్యులా నాళంలోంచి జారి మందు చర్మం కింద చేరుతుంటే ఆ సంగతి పంపుకు తెలియదు, చాలాసార్లు అలారం కూడా రాదు. కాన్యులా ఉన్న చోట వాపు, నొప్పి, చల్లదనం, రంగు మారడం మీరే చూడాలి.

సిద్ధం చేయడం

హెచ్చరిక: పంపు రోగి గుండె ఎత్తుకు దగ్గరగా ఉండాలి. మరీ పైన ఉంటే, సిరంజి సరిగ్గా బిగియనప్పుడు మందు దానంతటదే ఒక్కసారిగా దిగిపోవచ్చు. మరీ కింద ఉంటే రక్తం లైన్లోకి వెనక్కి రావచ్చు. మంచం ఎత్తు మార్చినప్పుడల్లా పంపు ఎత్తు కూడా చూడండి.

1. పంపును ఐవీ స్టాండుకు గట్టిగా బిగించండి. చేత్తో కదిపి చూడండి.

2. పవర్ కార్డును ఎర్త్ ఉన్న ప్లగ్గులో పెట్టండి. పంపు మీద ప్లగ్గు గుర్తు వెలగాలి.

3. ON బటన్ నొక్కండి. పంపు తనను తాను పరీక్షించుకుంటుంది. ఒక బీప్ వినపడాలి, ఎర్ర లైటు, పచ్చ లైటు ఒకసారి వెలగాలి. వీటిలో ఒక్కటి రాకపోయినా ఆ పంపును రోగికి వాడకండి, పక్కన పెట్టి బయోమెడికల్ విభాగానికి చెప్పండి.

4. సిరంజి లేబుల్‌ను డాక్టర్ ఆర్డర్‌తో పోల్చండి: రోగి పేరు, మందు పేరు, ఎంత mL లో ఎంత మందు కలిపారు, కలిపిన సమయం.

హెచ్చరిక: లూయర్ లాక్ సిరంజిలే వాడండి. నొక్కి పెట్టే రకం సిరంజి ఒత్తిడికి లైను నుంచి ఊడిపోవచ్చు.

5. సిరంజికి ఎక్స్‌టెన్షన్ లైన్ బిగించి, ప్లంజర్‌ను చేత్తో నెమ్మదిగా నొక్కి లైను మొత్తం మందుతో నింపండి. ఎక్కడా గాలి బుడగ ఉండకూడదు.

గమనిక: లైను నింపకుండా మొదలుపెడితే రోగికి చాలాసేపు మందే అందదు. లైన్లో 1.5 mL పడుతుంది, వేగం గంటకు 1 mL అనుకుంటే, మొదటి చుక్క రోగిని చేరడానికి గంటన్నర పడుతుంది. స్క్రీన్ మీద మాత్రం మందు వెళుతున్నట్టే కనిపిస్తుంది.

6. లైను రోగికి కలిపి లేదని కళ్లతో చూసి నిర్ధారించుకోండి.

సిరంజి పెట్టడం

హెచ్చరిక: సిరంజి రెక్క గాడిలో, ప్లంజర్ తల పట్టులో పూర్తిగా కూర్చోవాలి. ఈ రెండింటిలో ఏది వదులుగా ఉన్నా మందు తగ్గవచ్చు, లేదా అదుపు లేకుండా దిగిపోవచ్చు.

7. సిరంజి హోల్డర్‌ను పైకి లాగి పక్కకు తిప్పండి. సిరంజి రెక్కను గాడిలో పెట్టి, హోల్డర్‌ను మళ్లీ సిరంజి మీదికి దించండి.

8. లీవరు నొక్కి పట్టుకుని డ్రైవరును ప్లంజర్ తలకు తగిలేదాకా జరపండి. లీవరు వదలండి. రెండు వైపుల గోళ్లూ ప్లంజర్ తలను పట్టుకోవాలి.

హెచ్చరిక: స్క్రీన్ మీద వచ్చిన కంపెనీ పేరు, సైజు మీరు పెట్టిన సిరంజివే కావాలి. ఒకే 50 mL అయినా కంపెనీని బట్టి సిరంజి లోపలి వెడల్పు మారుతుంది. పంపు మందును కొలవదు, ప్లంజర్ ఎంత దూరం జరిగిందో మాత్రమే లెక్కిస్తుంది. పేరు తప్పయితే స్క్రీన్ మీద అంకె సరిగ్గానే ఉన్నా రోగికి వెళ్లే మోతాదు తప్పుతుంది.

9. సిరంజి పేరు, సైజు చూసి CONFIRM నొక్కండి. మీ సిరంజి పేరు జాబితాలో లేకపోతే దగ్గరగా ఉన్న పేరు ఎంచుకోకండి, జాబితాలో ఉన్న సిరంజి తెచ్చి వాడండి.

హెచ్చరిక: లైను రోగికి కలిపి ఉండగా PURGE ఎప్పుడూ నొక్కకండి. ఈ బటన్ మందును చాలా వేగంగా నెడుతుంది.

10. లైను చివర చుక్క కనిపించేదాకా PURGE నొక్కి పట్టుకోండి, కనిపించగానే వదలండి. డ్రైవరుకూ ప్లంజర్‌కూ మధ్య మిగిలిన సందు దీనితో పోతుంది. చేత్తో ముందే నింపాం కదా అని ఈ దశ వదిలేయకండి. తక్కువ వేగం మందులకు ఇది మరీ ముఖ్యం.

మోతాదు పెట్టడం, మొదలుపెట్టడం

హెచ్చరిక: దశాంశ చుక్కను పైకి చదవండి. 1.0 బదులు 10 పెడితే రోగికి పది రెట్లు మందు వెళుతుంది.

11. RATE నొక్కి గంటకు ఎన్ని mL వెళ్లాలో పెట్టండి. స్క్రీన్ మీద mL/h అని ఉండాలి.

12. VTBI నొక్కి మొత్తం ఎంత వెళ్లాలో పెట్టండి. స్క్రీన్ మీద చూపే సమయాన్ని మీ లెక్కతో పోల్చండి. 50 mL, గంటకు 5 mL అయితే 10 గంటలు రావాలి. వేరే అంకె వస్తే ముందుకు వెళ్లకండి, 11వ దశ నుంచి మళ్లీ చూడండి.

13. ఇనోట్రోప్స్, ఇన్సులిన్, హెపారిన్, పొటాషియం, మత్తు మందులు అయితే రెండో నర్సు చేత 4, 9, 11, 12 దశలు విడిగా చూపించండి. రెండో నర్సు ఆర్డర్ చూసి తనంతట తానుగా లెక్క వేయాలి. మీ అంకెను ముందే చెప్పకండి.

14. లైనును రోగి త్రీవేకు కలిపి, త్రీవేను రోగి వైపు తెరవండి.

15. START నొక్కండి. పచ్చ లైటు కదలాలి.

16. 15 నిమిషాల తర్వాత సిరంజి మీది గీతలు, రోగి బీపీ, పల్సు, కాన్యులా చోటు చూసి చార్టులో రాయండి.

గమనిక: గంటకు 1 mL కన్నా తక్కువ వేగం అయితే వీలైనంత చిన్న సిరంజి వాడండి. పెద్ద సిరంజిలో మందు మొదలవడానికి, OCCLUSION అలారం రావడానికి కూడా ఎక్కువ సమయం పడుతుంది.

సిరంజి మార్చడం

NEAR END అలారం వచ్చాక కాదు, అంతకు ముందే కొత్త సిరంజి నింపి ఉంచండి. నార్అడ్రినలిన్ వంటి మందు నిమిషం ఆగినా కొందరు రోగుల బీపీ పడిపోతుంది. అలాంటి రోగికి ఇదే పంపులో సిరంజి మార్చకండి. రెండో పంపు ఎలా జతచేయాలో డాక్టర్ చెప్పిన ప్రకారం చేయండి.

17. STOP నొక్కండి.

హెచ్చరిక: 18వ దశకు ముందు 19వ దశ చేయకండి. లైను తెరిచి ఉండగా సిరంజిని పంపులోంచి తీస్తే, లోపల మిగిలిన మందంతా రోగిలోకి దిగిపోవచ్చు.

18. త్రీవేను రోగి వైపు మూయండి.

19. లీవరు నొక్కి డ్రైవరు వెనక్కి జరిపి, సిరంజి తీయండి.

20. లైనును త్రీవే నుంచి విప్పండి. త్రీవేకు శుభ్రమైన మూత పెట్టండి.

21. కొత్త సిరంజితో 4 నుంచి 13 దాకా అన్ని దశలూ అదే వరుసలో చేయండి. పాత RATE స్క్రీన్ మీదే ఉన్నా ఆర్డర్‌తో మళ్లీ పోల్చండి.

22. 14, 15, 16 దశలు చేయండి.

OCCLUSION అలారం వస్తే

నర్సులు ఎక్కువగా చూసే అలారం ఇదే, హడావుడిలో ప్రమాదం జరిగేదీ ఇక్కడే. లైను ఎక్కడో మూసుకుపోయింది, మడత పడింది, త్రీవే తెరవలేదు, లేదా కాన్యులాలో రక్తం గడ్డకట్టింది. పంపు మాత్రం అలారం వచ్చేదాకా మందును నెడుతూనే ఉంది. ఆ మందంతా ఒత్తిడితో లైన్లో నిలిచి ఉంటుంది. మడత కనిపించగానే విప్పాలని చెయ్యి వెళుతుంది. అప్పుడు ఆ మందు ఒక్క క్షణంలో రోగిలోకి వెళుతుంది.

హెచ్చరిక: 25వ దశ పూర్తయ్యేదాకా మడత విప్పకండి, మూసి ఉన్న క్లాంపు తెరవకండి, START నొక్కకండి.

23. SILENCE నొక్కండి. అలారం శబ్దం కాసేపే ఆగుతుంది, సమస్య అలాగే ఉంటుంది.

24. త్రీవేను రోగి వైపు మూయండి. ముందే మూసి ఉంటే అలాగే ఉంచండి.

25. లీవరు నొక్కి డ్రైవరును కొద్దిగా వెనక్కి జరిపి, లైన్లోని ఒత్తిడి పోనివ్వండి.

26. ఇప్పుడు కారణం వెతికి సరిచేయండి: సిరంజి మొదలు కాన్యులా దాకా లైను వెంట చూడండి. కాన్యులా మూసుకుపోతే ఒత్తిడితో ఫ్లష్ చేయకండి, మార్చండి.

27. లైనును త్రీవే నుంచి విప్పి 8, 10 దశలు చేయండి. తర్వాత 14, 15, 16 చేయండి.

28. ఎంతసేపు మందు అందలేదో అంచనా వేసి డాక్టర్‌కు చెప్పండి. తక్కువ వేగంలో ఈ అలారం చాలా ఆలస్యంగా వస్తుంది, ఒక్కోసారి గంట దాటుతుంది. కాబట్టి మందు ఆగింది అలారం మోగినప్పుడు అనుకోకండి.

మిగతా అలారాలు

NEAR END: సిరంజి అయిపోవస్తోంది. KVO: పెట్టిన మొత్తం వెళ్లిపోయింది, నాళం మూసుకుపోకుండా పంపు చాలా తక్కువ వేగంతో నడుస్తోంది, అంటే రోగికి ఆర్డర్ ప్రకారం మందు అందడం లేదు. SYRINGE: సిరంజి సరిగ్గా కూర్చోలేదు, ముందు త్రీవే మూసి, తర్వాతే 7, 8 దశలు చూడండి. BATTERY: వెంటనే ప్లగ్గులో పెట్టండి.

శుభ్రం చేయడం

హెచ్చరిక: ముందు ఆఫ్ చేసి ప్లగ్గు తీయండి. తడి పంపును ప్లగ్గులో పెట్టకండి.

జాగ్రత్త: పంపు మీద నేరుగా స్ప్రే చేయకండి, నీళ్లలో ముంచకండి, ఆటోక్లేవ్‌లో పెట్టకండి.

ఆసుపత్రిలో అనుమతించిన క్రిమిసంహారక ద్రావణంలో గుడ్డ తడిపి, బాగా పిండి తుడవండి. లీవరు, గోళ్లు, సిరంజి గాడి దగ్గర ఎండిన మందు మిగలకుండా చూడండి. అది పేరుకుంటే 8వ దశలో పట్టు సరిగ్గా పడదు. పూర్తిగా ఆరాక, వాడకంలో లేకపోయినా పంపును ఛార్జింగులో ఉంచండి. కింద పడిన పంపు బయటికి బాగానే కనిపించినా, బయోమెడికల్ విభాగం పరీక్షించేదాకా ఏ రోగికీ పెట్టకండి.