వాయిదా తేదీ బగ్: రిలీజ్‌కు గురువారం దాకా ఎందుకు ఆగమంటున్నానంటే

మేడమ్, నమస్కారం.

"డెవలపర్ బాగుచేశానన్నాడు, నా ఫోన్‌లోనూ తేదీ సరిగ్గానే కనిపిస్తోంది, ఇంకా ఆగడం దేనికి?" అని నిన్న మీటింగ్‌లో అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. అప్పుడు టైమ్ చాలక సగమే చెప్పాను, మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

కంప్లైంట్ ఇచ్చిన కస్టమర్ 2025 డిసెంబర్ 31న టూవీలర్ లోన్ తీసుకున్నారు. జనవరి వాయిదా 31న పడింది. ఫిబ్రవరిలో 31 ఉండదు కాబట్టి 28న పడింది. అంతవరకు సరే. మార్చిలో మళ్లీ 31కి రావాలి, కానీ మన సాఫ్ట్‌వేర్ 28 దగ్గరే ఉండిపోయింది. ఆయన 31న కడితే మూడు రోజుల పెనాల్టీ వేసింది. కారణం చిన్నదే. ప్రతి వాయిదా తేదీనీ దాని ముందు వాయిదా తేదీకి నెల కలిపి లెక్కేస్తోంది. ఒకసారి 28కి దిగిందంటే మళ్లీ పైకి ఎక్కదు. ఇప్పుడు ఆ లెక్కను లోన్ ఇచ్చిన తేదీ నుంచి వేసేలా మార్చారు.

మీ ఫోన్‌లో కనిపించింది మార్చిన లెక్కతో అదే తేదీకి కొత్తగా వేసి చూసిన ఒక్క లోన్. అది సరిగ్గా ఉందంటే ఆ లోన్‌కు పనిచేసిందని మాత్రమే. అందుకే మేం రకరకాల తేదీలతో ఉత్తుత్తి లోన్లు తయారుచేశాం. వాటినే టెస్ట్ డేటా అంటాం. 28, 29, 30, 31 తేదీల్లో ఇచ్చినవి, లీపు సంవత్సరం 2028 ఫిబ్రవరి మీదుగా వెళ్లేవి, అక్టోబర్ 31న మొదలై నవంబర్ 30 మీదుగా డిసెంబర్‌కు వెళ్లేవి. ఈ చివరి రకం ముఖ్యం. అందరూ దీన్ని ఫిబ్రవరి బగ్ అంటున్నారు గానీ, 30 రోజుల నెల ఏదైనా 31వ తేదీ లోన్‌ను ఇలాగే కిందకి లాగేస్తుంది. 15వ తేదీ లోన్లు కూడా కొన్ని పెట్టాం, అవి కదలకూడదు కాబట్టి. ఫోన్ నంబర్లన్నీ మా టీమ్‌వే. టెస్ట్ సర్వర్ నుంచి ఒక్క రిమైండర్ కూడా నిజమైన కస్టమర్‌కు వెళ్లకూడదు.

ఈ లోన్లను ముందు పాత బిల్డ్, అంటే లెక్క మార్చకముందున్న సాఫ్ట్‌వేర్ మీదే నడిపాం. అక్కడ మార్చి 28 అనే తప్పు మా కళ్ల ముందు రావాలి. పాత దాంట్లోనూ పాస్ అయితే మా పరీక్షే బగ్‌ను పట్టుకోవడం లేదన్నమాట, అలాంటిది కొత్త బిల్డ్‌లో పాస్ అయినా దానికి విలువ లేదు. పాత బిల్డ్‌లో తప్పు వచ్చింది, కొత్త దాంట్లో మార్చి 31, ఏప్రిల్ 30, మే 31 అని వరసగా వచ్చాయి. బగ్ పోయిందని అప్పుడు నమ్మాను.

కానీ దాన్ని పోగొట్టడంలో ఇంకేదైనా చెడిందా అన్నది వేరే ప్రశ్న. రిగ్రెషన్ టెస్టింగ్ అని మేం అనేది దాన్నే. నిన్నటిదాకా బాగా నడిచినవన్నీ ఈ రోజూ అలాగే నడుస్తున్నాయా అని మళ్లీ చూడటం. వాయిదా తేదీ మీద ఆధారపడేవి మన దగ్గర చాలా ఉన్నాయి: పెనాల్టీ, SMS, ఆటో డెబిట్, ముందే లోన్ తీర్చేస్తే ఎంత కట్టాలన్న లెక్క. సోమవారం వీటన్నిటికీ ఉన్న 140 పరీక్షలూ నడిపితే రెండు ఫెయిలయ్యాయి. రెండూ ఒకే చోట. జీతం పడే రోజు చూసుకుని వాయిదాను 5వ తేదీకి మార్పించుకునే కస్టమర్లు ఉన్నారు కదా, కొత్త కోడ్ వాళ్ల తేదీని మళ్లీ లోన్ ఇచ్చిన రోజుకు తిప్పేసింది. ఆ రోజే రిలీజ్ చేసి ఉంటే, 31వ తేదీ వాళ్ల కష్టం తీర్చబోయి వీళ్ల అకౌంట్లలో డబ్బు లేని రోజున ఆటో డెబిట్ పెట్టేవాళ్లం. చెక్ బౌన్స్ లాంటిదే అది, బ్యాంకు కూడా ఛార్జీ వేస్తుంది.

దానికి నిన్న సాయంత్రం సవరణ వచ్చింది. కోడ్ మళ్లీ మారింది కాబట్టి ఆ రెండు పరీక్షలే కాదు, 140 మళ్లీ మొదటి నుంచి నడపాలి. బుధవారమంతా అదే పని. గురువారం ఉదయం ఆటో డెబిట్ ఫైల్ తీసి వరసవరసా నేనే చూస్తాను, తేడా లేకపోతే సాయంత్రం రిలీజ్‌కు ఓకే చెబుతాను.

ఒక విషయంలో మీ నిర్ణయం కావాలి. లోన్ ఇచ్చినప్పుడే వాయిదా తేదీలన్నీ డేటాబేస్‌లో రాసి పెట్టుకుంటాం. కొత్త కోడ్ కొత్త లోన్లకే సరైన తేదీలు రాస్తుంది. పాత లోన్లలో ఇప్పటికే రాసేసిన తప్పు తేదీలు వాటంతట అవి మారవు. వాటిని సరిచేసే స్క్రిప్ట్ సిద్ధంగా ఉంది, ఆ లోన్ల కాపీ మీద ముందు నడిపి చూస్తాం. కానీ వాళ్ల దగ్గర ఇప్పటికే తీసుకున్న పెనాల్టీ వెనక్కి ఇవ్వాలా, వచ్చే వాయిదాలో తగ్గించాలా అన్నది మీరూ అకౌంట్స్ వాళ్లూ చెప్పాలి. బుధవారం మధ్యాహ్నంలోగా చెబితే, ఆ లెక్కను కూడా రిలీజ్‌కు ముందే పరీక్షించగలం. ఎవరెవరికి ఎంత పడిందో లిస్టు ఈ మెయిల్‌కు జత చేశాను.

ఇట్లు,
టెస్టింగ్ లీడ్