కొనుక్కున్న కాలానికి ప్రతిభ అని పేరు

తెలంగాణలో ఇంజినీరింగ్ ప్రవేశాల కోసం జరిపే ఎప్‌సెట్‌లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలుంటాయి. గణితంలో 80, భౌతికశాస్త్రంలో 40, రసాయనశాస్త్రంలో 40. అంటే ఒక్కో ప్రశ్నకు దొరికే సమయం నిమిషం మీద కొన్ని సెకన్లు. ప్రశ్న చదవడం, బొమ్మ ఊహించుకోవడం, సూత్రం వెతుక్కోవడం, లెక్క కట్టడం, జవాబు ఎంచుకోవడం అన్నీ అందులోనే. ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో 31 ఏళ్లు భౌతికశాస్త్రం బోధించిన నేను ఈ పరీక్ష గురించి ఒక మాట ధైర్యంగా చెప్పగలను: భ్రమణ గతి మీద వచ్చిన లెక్కను పరీక్ష హాల్లో మొదటిసారి ఆలోచించి చేసేవాడు, వాడెంత తెలివైనవాడైనా, దాన్ని ఆ నిమిషంలో పూర్తి చేయలేడు. అటువంటి లెక్కలు అంతకు ముందే యాభైఅరవై చేసి, ప్రశ్నలో మొదటి వాక్యం చూడగానే ఇది ఫలానా రకమని గుర్తుపట్టగలిగినవాడు చేస్తాడు. ఈ పరీక్ష కొలిచేది ప్రధానంగా ఆ గుర్తుపట్టే అలవాటును. ఆ అలవాటు రావాలంటే వేల గంటలు కావాలి. ఆ గంటలకు మన రాష్ట్రాల్లో ధర ఉంది.

మా కళాశాలలో మేము బోధించింది వేరే పరీక్షకు. ఇంటర్ బోర్డు భౌతికశాస్త్రం పేపరు 60 మార్కులకు ఉంటుంది. రెండు మార్కుల ప్రశ్నలు, నాలుగు మార్కుల ప్రశ్నలు, చివర ఎనిమిది మార్కుల దీర్ఘ సమాధానాలు. అక్కడ పిల్లలు నిర్వచనం రాయాలి, సూత్రాన్ని ఉత్పాదించాలి, పటం గీయాలి. దాన్ని నేను తక్కువ చేయను. ఒక విషయాన్ని మొదటి నుంచి చివరి దాకా వాక్యాల్లో వివరించగలగడం చదువులో చాలా పెద్ద భాగం. కానీ ఆ పరీక్షలో వెయ్యికి 960 దాటి తెచ్చుకున్న పిల్ల, అదే ఏడాది నీట్‌లో సీటు దరిదాపులకు రాకపోవడం నేను చూశాను. ఆమె తండ్రి కౌలుకు పత్తి వేసే రైతు. కస్తూర్బా బాలికా విద్యాలయంలో పదో తరగతి చదివి, మా దగ్గర తెలుగు మాధ్యమంలో బైపీసీలో చేరింది. నీట్ ఫలితం వచ్చిన రోజు ఆమె నన్నడిగిన ప్రశ్నను నేనింకా మోస్తున్నాను: "సార్, నాకు వచ్చినయే అడిగిండ్రు. నాకే టైం సరిపోలే. నేను సరిగ్గ సదవలేదా?"

ఆమె సరిగ్గానే చదివింది. మేము చెప్పినదంతా చదివింది. ఆ పరీక్షకు కావలసింది మా దగ్గర లేదు.

దేశంలో మిగతా చోట్ల కోచింగ్ అంటే బడి అయ్యాక వెళ్లే మరో చోటు. రాజస్థాన్‌లోని కోటాకు వెళ్లే పిల్లలు పేరుకు ఏదో ఒక పాఠశాలలో నమోదై ఉంటారు, చదువు మాత్రం కోచింగ్ కేంద్రంలో. తెలుగు రాష్ట్రాల్లో ఆ రెండింటి మధ్య గోడ ఎప్పుడో పడిపోయింది. ఇక్కడ కళాశాలే కోచింగ్ కేంద్రం. ఇంటర్ బోర్డు గుర్తింపు, ఎంట్రెన్స్ శిక్షణ, హాస్టల్ అన్నీ ఒకే ఫీజులో వస్తాయి. అందుకే కోచింగ్‌కు కుటుంబాలు ఎంత ఖర్చు చేస్తున్నాయో లెక్కించే జాతీయ సర్వేలు మన పరిస్థితిని పూర్తిగా పట్టుకోలేవని నా అభిప్రాయం. ఇక్కడి తండ్రి "ట్యూషన్‌కు ఎంత పెడుతున్నారు?" అని అడిగితే "ఏమీ లేదు" అని నిజాయితీగానే చెబుతాడు, కాలేజీ ఫీజు కోసం కుదువబెట్టిన బంగారం ఆ ప్రశ్నలో లేదు కనుక.

ఇది ఒక్క రోజులో ఇలా కాలేదు. 1980లలో హైదరాబాద్ నల్లకుంటలో చుక్కా రామయ్య గారు ఐఐటీ శిక్షణ మొదలుపెట్టినప్పుడు ఆ శిక్షణలో సీటు కోసమే ఒక ప్రవేశ పరీక్ష రాయవలసి వచ్చేది. అది కొద్దిమంది కోసం ఒక ఉపాధ్యాయుడు చేసిన పని. 1986లో ఎంసెట్ వచ్చింది, తర్వాత ఇంజినీరింగ్ కళాశాలలు వందల్లో వెలిశాయి, ర్యాంకు ప్రతి మధ్యతరగతి ఇంటి మాట అయింది, దాని చుట్టూ ఒక పరిశ్రమ నిలబడింది. ఇప్పుడది ఇంటర్ దగ్గర ఆగడం లేదు. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ పేరుతో మొదలవుతోంది. పదహారేళ్ల లోపు పిల్లలను చేర్చుకోవద్దని కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో కోచింగ్ కేంద్రాలకు మార్గదర్శకాలు ఇచ్చింది. కానీ పాఠశాల గుర్తింపు ఉన్న భవనంలో, పాఠశాల సమయంలో, ఆరో తరగతి పిల్లవాడికి ఐఐటీ పేరుతో పాఠం చెబితే అది కోచింగ్ అని ఎవరు నిరూపిస్తారు? కోచింగ్ రుసుము మీద 18 శాతం జీఎస్టీ వసూలు చేస్తున్న ప్రభుత్వానికి అది వ్యాపారమని తెలుసు. అదే వ్యాపారం కళాశాల బోర్డు తగిలించుకున్నప్పుడు మాత్రం దానికి విద్య అన్న గౌరవం దక్కుతోంది.

ఈ కళాశాలల లోపల కూడా ఒక అంతస్తుల వ్యవస్థ ఉంది, దాని గురించి బయట తక్కువ మాట్లాడతారు. పదో తరగతిలో మంచి మార్కులు వచ్చిన పిల్లల ఇళ్లకు వేసవిలో పీఆర్వోలు వస్తారు. మార్కులను బట్టి కన్సెషన్ ఇస్తారు, చాలా మంచి మార్కులుంటే ఫ్రీ సీటు. ఆ పిల్లలు పై సెక్షన్‌లోకి వెళతారు. అనుభవమున్న అధ్యాపకులు, మెరుగైన మెటీరియల్ వారికే. పూర్తి ఫీజు కట్టినవారి పిల్లలు కింది సెక్షన్లలో కూర్చుంటారు. పై సెక్షన్ నుంచి వచ్చే ర్యాంకు మరుసటి ఏడాది టీవీలో, ఫ్లెక్సీ మీద కనబడుతుంది. దాన్ని చూసి చేరేవారి ఫీజుతో ఆ సెక్షన్ మళ్లీ నడుస్తుంది. అప్పుచేసి లక్షన్నర కట్టిన ఆటో డ్రైవరు తన కొడుకు చదువుతో పాటు, ఆ కొడుకును ఎప్పుడూ కూర్చోనివ్వని గదికి కూడా డబ్బు కడుతున్నాడు. విశాఖపట్నంలో ఒక నీట్ విద్యార్థిని మరణం కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల్లో, మార్కుల ఆధారంగా పిల్లలను వేరు వేరు బ్యాచ్‌లుగా విడదీయడం సాధ్యమైనంత వరకు మానుకోవాలని ఉంది. అది అమలైతే ఈ వ్యాపారానికి పునాదే కదులుతుంది, అందుకే ఎంతవరకు అమలవుతుందో నాకు నమ్మకం కలగడం లేదు.

ఈ యంత్రంలో గెలిచినవారు పొందేది కూడా సంపూర్ణమైన చదువు కాదు. ప్రాక్టికల్ పరీక్షలకు ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా వెళ్లినప్పుడు, మెకానిక్స్‌లో ఎంత కఠినమైన లెక్కనైనా క్షణాల్లో చేసే పిల్లలు స్క్రూగేజి చేతికిస్తే ఎటు తిప్పాలో తెలియక నా ముఖం చూడడం నాకు అనుభవమే.

మరో వైపు, ప్రతిభను కొలిచే సాధనాలు ఒక్కొక్కటిగా తగ్గిపోయి, చివరికి ఈ ఒక్క పరీక్షే మిగిలింది. జేఈఈ మెయిన్‌లో 2013 నుంచి 2016 వరకు పన్నెండో తరగతి మార్కులకు 40 శాతం వెయిటేజీ ఉండేది, 2017 నుంచి తీసేశారు. మన ప్రవేశ పరీక్షలో ఇంటర్ మార్కులకు ఉన్న 25 శాతం వెయిటేజీని తెలంగాణ 2023లో శాశ్వతంగా రద్దు చేసింది. బోర్డుల మధ్య మార్కుల తేడాలు, మార్కుల పందేరం గురించిన అభ్యంతరాలు అబద్ధం కావు. అయినా ఆ పాతిక శాతం, రెండేళ్లు గ్రామం నుంచి బస్సులో వచ్చి పాఠం విన్న పిల్లకు ఉన్న ఒకే ఒక్క ఆసరా. దాన్ని సరిదిద్దే బదులు కొట్టివేశాం. జేఈఈ మెయిన్‌ను, నీట్‌ను తెలుగులో రాసుకోవచ్చు. జేఈఈ అడ్వాన్స్‌డ్ మాత్రం ఇంగ్లిష్, హిందీ భాషల్లోనే. ఫీజు రీయింబర్స్‌మెంట్‌లోనూ బీసీ, ఈబీసీ విద్యార్థుల్లో 10 వేల లోపు ర్యాంకు వచ్చినవారికి ఫీజు మొత్తం వస్తుంది, ఆ పైన ర్యాంకు వచ్చిన చాలామందికి 35 వేల రూపాయల దగ్గర ఆగిపోతుంది. శిక్షణ కొనుక్కోలేక ర్యాంకు వెనకబడినవాడికే ఫీజు సాయం కూడా తక్కువ అందుతోంది. నీట్‌ను ఎన్నిసార్లయినా రాయవచ్చన్న సౌలభ్యం కూడా అందరిదీ కాదు. లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో ఒకటి రెండు సంవత్సరాలు పోగొట్టుకోగల ఇల్లు కావాలి. మా ఊళ్లలో ఆడపిల్లకు ఆ రెండేళ్లు దొరకవు. అన్న కార్పొరేట్ కాలేజీలో, చెల్లె ప్రభుత్వ కళాశాలలో అన్న ఏర్పాటు నా తరగతి గదిలో ఏటా కనిపించేది.

గురుకులాల్లో ప్రత్యేక కళాశాలలు పెట్టి ఐఐటీ, నీట్ శిక్షణ ఇస్తున్నారు కదా అంటారు. గౌలిదొడ్డి గురుకులం నుంచి వెళ్లిన దళిత బిడ్డలు వైద్యులయ్యారు, దాన్ని నేను హృదయపూర్వకంగా గౌరవిస్తాను. అయితే వాటిలో ప్రవేశం కూడా పరీక్షతోనే. వాటికి ఎంపిక కాని పిల్లల దగ్గరికి అదే అధ్యాపకుడు, అదే అల్పాహారం, అదే స్టడీ అవర్ వెళ్లలేదు. కోచింగ్‌ను అందరికీ పంచడం కన్నా, కోచింగ్ అవసరం లేని కొలత పెట్టడమే నేను కోరేది. దానికి ఎక్కడికో వెళ్లి చూడనక్కరలేదు. 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీలు, బాసర, నూజివీడు, ఇడుపులపాయ, పదో తరగతి ఫలితాలతోనే పిల్లలను తీసుకున్నాయి. ప్రభుత్వ బడుల్లో చదివినవారి గ్రేడ్ పాయింట్లకు 0.4 అదనంగా కలిపాయి. బాసరలో భోజనం, వసతుల కోసం 2022లో విద్యార్థులు రోజుల తరబడి ఎండలో, వానలో కూర్చోవలసి వచ్చిందంటే అది నిర్వహణ వైఫల్యం. పిల్లలను ఎంచుకున్న పద్ధతిలో తప్పు లేదు. తమిళనాడు 2020లో వైద్య సీట్లలో 7.5 శాతం ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు కేటాయించింది. అటువంటి వాటా ఇక్కడ ఎందుకు ఉండకూడదో చెప్పిన మంత్రిని గానీ, అధికారిని గానీ నేను చూడలేదు.

ఇదంతా రాసే ముందే నా గురించి చెప్పి ఉండవలసిన మాట ఒకటుంది. నా కొడుకును నేను పనిచేసిన కళాశాలలో చేర్పించలేదు. ప్రభుత్వం నాకిచ్చిన జీతంతో, హైదరాబాద్‌లోని ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చేర్పించాను. నా పాఠం మీద నమ్మకం లేక కాదు, ఆ పరీక్ష ఏం అడుగుతుందో నాకు తెలుసు కనుక. నా విద్యార్థుల తండ్రులకు ఆ వీలు లేదని కూడా ఆ రోజు నాకు తెలుసు.

నీట్‌లో సీటు రాని ఆ అమ్మాయి జిల్లా కేంద్రంలో నర్సింగ్ చదివింది. పోయిన మే నెలలో ఆమె తండ్రి మా ఇంటికి వచ్చాడు. చిన్నవాడు పదో తరగతి పాసయ్యాడు. "చిన్నోణ్ణి యాడ చేర్పియ్యమంటరు సార్? మీ కాలేజీల్నే ఎయ్యన్నా?" అని అడిగాడు. పదవీ విరమణ చేసి ఏడాది కాలేదు, నా జీవితమంతా గడిచిన ఆ కళాశాల పేరు నా నోట రాలేదు. ఆయన కాసేపు కూర్చుని, చాయ్ తాగి, నా మౌనమే సమాధానమని తీసుకుని వెళ్లాడు. ఆ వారంలోనే పాడి గేదెను అమ్మి పీఆర్వోకు అడ్వాన్సు కట్టాడని తర్వాత తెలిసింది.