విషయం: ప్రసంగ ప్రతిపాదన (సవరించినది) – తెలుగు పేర్లు తెగిపోకుండా టెస్ట్ చేయడం, 30 నిమిషాలు

సుధాకర్ గారికి నమస్కారం.

మొన్న పంపిన మూడు పేజీలు ఓపిగ్గా చదివి జవాబిచ్చినందుకు ధన్యవాదాలు. "ఇందులో మా టెస్టర్లకి పనికొచ్చేది ఏది?" అని మీరు అడిగాక నేనూ మళ్లీ చదువుకున్నాను. లిపి చరిత్ర ఉంది, ఫాంట్ల గొడవ ఉంది, కీబోర్డులున్నాయి. సోమవారం ఆఫీసుకెళ్లి చేయగలిగిన పని మాత్రం ఒక్కటీ లేదు. అవన్నీ తీసేసి ఒక్క అంశమే ఉంచాను.

ప్రసంగం పేరు: "లక్ష్మిలో 'మి' ఎటు పోయింది? – తెలుగు అక్షరాల లెక్క, టెస్టింగ్‌లో మన పొరపాట్లు"

సంగతి ఇది. ఒక ఆసుపత్రి టోకెన్ బోర్డుకి మా టీమ్ టెస్టింగ్ చేసింది. పేరుకి 10 అక్షరాలు అని స్పెసిఫికేషన్‌లో ఉంది. వాడకం మొదలైన రోజు పొద్దున బోర్డు మీద "వెంకటలక్ష్" అని పడింది. అది తన పేరేనని ఆ పెద్దావిడకి తట్టలేదు. తర్వాతి రెండు టోకెన్లు వెళ్లిపోయినా కుర్చీలోనే కూర్చుంది. మాకు బగ్ రిపోర్టేమీ రాలేదు, రిసెప్షన్‌లో అమ్మాయి బోర్డు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపింది. ఆ స్క్రీన్ టెస్ట్ చేసింది నేనే. నా టెస్ట్ డేటాలో ఉన్న పేర్లు రమ, గీత, రవి.

వేళ్ల మీద లెక్కపెడితే ఆ పేరులో 5 అక్షరాలే. జావాస్క్రిప్ట్ లెక్క వేరు:

```
"వెంకటలక్ష్మి".length        // 12
"వెంకటలక్ష్మి".slice(0, 10)  // "వెంకటలక్ష్"
```

గుణింతం గుర్తు, సున్నా, పొల్లు, ఒత్తుగా మారే హల్లు, ఇవన్నీ విడివిడి కోడ్ పాయింట్లు. మరి జావాస్క్రిప్ట్‌లోనే అక్షరాలు విడగొట్టి ఇచ్చే `Intl.Segmenter` వాడితే సరిపోతుంది కదా అంటారు. పాత బ్రౌజర్లో అది ఇదే పేరుని 7గా విడగొడుతుంది: వెం, క, ట, ల, క్, ష్, మి. తెలుగులో ఒత్తులతో కలిసిన అక్షరాన్ని ముక్కలు చేయకూడదన్న నియమం 2023లో యూనికోడ్ 15.1తో వచ్చింది. దాన్ని పాటించే చోట 5 వస్తుంది. ఒకే పేరు, మూడు లెక్కలు. డెవలపర్ ఏది వాడాడో టెస్టర్ అడగకపోతే ఎవరూ అడగరు. నా ప్రసంగానికి అసలు సరుకు ఇదే, 15 నిమిషాలు దీనికే పోతాయి.

తర్వాత వెతుకులాట. "రాజ్‌కుమార్", "రాజ్కుమార్" రెండూ జనం టైప్ చేస్తారు. మొదటిదాంట్లో జ్ తర్వాత కంటికి కనపడని గుర్తు ఒకటి (U+200C) ఉంటుంది. ఒక రకంగా నమోదైన పేరుని రెండో రకంగా వెతికితే "రికార్డు లేదు" అంటుంది యాప్. కౌంటర్ దగ్గర మనిషి ఎదురుగానే నిలబడి ఉంటాడు. దీన్ని వేదిక మీదే చేసి చూపిస్తాను, 8 నిమిషాలు చాలు. మిగతా సమయం ప్రశ్నలకి.

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఐఫోన్లలో యాప్‌లని కుప్పకూల్చిన కథ మీకు గుర్తుండే ఉంటుంది. అది చెప్పి చప్పట్లు కొట్టించుకోవడం తేలిక. ఒక్క నిమిషానికి మించి వాడను. క్రాష్ అయితే కనీసం ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు, పేరు తెగితే చేయరు. ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లీషుకి 160, తెలుగుకి 70 అక్షరాల పరిమితి సంగతి కూడా వదిలేశాను. అది బిల్లింగ్ వాళ్ల బాధ, పైగా దానికో గంట కావాలి.

ఈసారి మీ సదస్సు అంశం స్థానిక భాషల్లో సేవలు, వచ్చేవాళ్లలో ఎక్కువమంది రెండు మూడేళ్ల అనుభవమున్న టెస్టర్లు అని రాశారు. కాబట్టి యూనికోడ్ ముందే తెలిసి ఉండాలన్న షరతేమీ లేదు. వెళ్లేటప్పుడు అందరికీ 20 తెలుగు పేర్లున్న టెస్ట్ డేటా ఫైల్ ఇస్తాను. ఒక్కో పేరు పక్కన అది ఏ తప్పుని పట్టుకుంటుందో ఒక వాక్యం ఉంటుంది.

నా గురించి: హైదరాబాద్‌లో 9 ఏళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను, చివరి నాలుగేళ్లు తెలుగులో నడిచే యాప్‌ల మీదే. ఇంత పెద్ద వేదిక మీద మాట్లాడటం ఇదే మొదలు. మా ఆఫీసులో ఇదే విషయం రెండుసార్లు చెప్పాను. మొదటిసారి 50 నిమిషాలు పట్టింది, రెండోసారి 28.

ప్రొజెక్టర్ ఉంటే చాలు, డెమోకి ఇంటర్నెట్ అక్కర్లేదు. మధ్యాహ్నం భోజనాల తర్వాత స్లాట్ ఇచ్చినా అభ్యంతరం లేదు, ఆ నిద్ర సంగతి నేను చూసుకుంటాను. విజయవాడకి నా ఖర్చులతోనే వస్తాను.

అంశం మీకు నచ్చితే స్లైడ్లు వారంలో పంపుతాను. ఇంకా ఏదైనా తీసేయాలనిపిస్తే మొహమాటం లేకుండా చెప్పండి.

ఇట్లు,
మాధవి
సీనియర్ టెస్ట్ ఇంజనీర్, హైదరాబాద్