హారిక – సుమంత్ పెళ్ళి: ఫొటోల జాబితా, పెద్దవాళ్ళతో గ్రూప్ ఫొటోల వరుస

జయనగర్ కల్యాణ మంటపం, బెంగళూరు
శనివారం సాయంత్రం రిసెప్షన్, ఆదివారం ఉదయం 10:20 ముహూర్తం

ఫొటోగ్రాఫర్ గారికి, వీడియో తీసేవాళ్ళకి, పేర్లు పిలిచే ఇద్దరికీ ఇదే కాగితం. పెళ్ళికూతురి అక్కగా నేను రాస్తున్నాను. రెండు ఇళ్ళవాళ్ళం కూర్చుని మాట్లాడుకున్నాకే రాశాను కాబట్టి ఆ రోజు ఎవరైనా "ముందు మాది తీయండి" అన్నా వరుస మార్చవద్దు.

ముఖ్యమైన మాట ఒకటే. పెద్దవాళ్ళు ఒక్కసారే కూర్చుంటారు, మిగతావాళ్ళే వాళ్ళ చుట్టూ వచ్చి నిలబడి వెళ్తారు. వాళ్ళను మళ్ళీ మళ్ళీ లేపి పిలవకూడదు. ముహూర్తం అయ్యాక గ్రూప్ ఫొటోలు మొదలుపెడితే ఆకలి వేళ అవుతుంది, స్టేజీ దగ్గర క్యూ పెరుగుతుంది. అందుకే ఆ పని శనివారం రిసెప్షన్‌కు ముందే పూర్తి చేస్తున్నాం.

ఎవరెవరు, ఎలా ఉన్నారు

సుమంత్ వాళ్ళ బామ్మగారు, 88. వీల్‌చైర్‌లో వస్తారు. మంటపంలోనే కింది అంతస్తు గదిలో ఉంటారు.
మా అమ్మమ్మ, తాతయ్య, హిందూపురం. తాతయ్యకు ఈమధ్యే కంటిశుక్లం ఆపరేషన్ అయింది. వినికిడి కూడా తక్కువ. అమ్మమ్మకు మోకాళ్ళ నొప్పులు.
మా నాన్నమ్మ, 82. షుగర్ ఉంది. మధ్యాహ్నం 12 లోపు భోంచేయాలి.
నాన్నగారి బాబాయి, మాకు చిన్నతాతయ్య, మదనపల్లె నుంచి. నడుస్తారు కానీ ఎక్కువసేపు నిలబడలేరు.

శనివారం సాయంత్రం

స్టేజీకి నాలుగు మెట్లు ఉన్నాయి, ర్యాంపు లేదు. కాబట్టి ఈ ఫొటోలన్నీ స్టేజీ ముందు నేల మీదే. వెనక పూల అలంకరణ కనిపిస్తే చాలు. సోఫా వద్దు. అది లోతుగా ఉంటుంది, అందులోంచి లేవాలంటే అమ్మమ్మకు ఇద్దరు పట్టుకోవాలి. చేతులున్న గట్టి కుర్చీలు ఆరు కావాలని మంటపం వాళ్ళకు చెప్పాం. వీల్‌చైర్‌ను కుర్చీల వరుసలోనే కలిపి, బ్రేకు వేసి ఉంచండి. బామ్మగారిని ఒక్కరినే పక్కకు పెట్టినట్టు కనిపించకూడదు. వధూవరులు కూడా అదే ఎత్తు కుర్చీల్లో వాళ్ళ మధ్య కూర్చుంటారు.

హారిక మేకప్ 5:30కి అయిపోవాలి. మేకప్ ఆవిడకు 5:15 అని చెప్పాం. అయినా ఆలస్యమైతే ఊరికే కూర్చోబెట్టవద్దు. అమ్మమ్మ, తాతయ్య ఇద్దరే ఉన్న ఫొటో, ఒక్కొక్కరి ఫొటోలు అప్పుడే తీసేయండి. వాళ్ళిద్దరూ కలిసి ఉన్న మంచి ఫొటో మా దగ్గర ఒక్కటీ లేదు. ఉన్నవన్నీ పెన్షన్ కాగితాల కోసం విడివిడిగా తీసినవే. ఈ ఒక్క ఫొటోకు మాత్రం తొందరపడకండి.

5:50 నుంచి వరుస:

1. పెద్దవాళ్ళు అయిదుగురూ, మధ్యలో వధూవరులు. మిగతా అన్నీ తప్పినా ఇది తప్పకూడదు. ఇది అవగానే మావైపు నలుగురు పక్కన ఫ్యాన్ కింద కుర్చీల్లో కూర్చుంటారు.
2. బామ్మగారు, వధూవరులు.
3. అలాగే ఉంచి, సుమంత్ అమ్మానాన్నలు చేరతారు.
4. బామ్మగారి కొడుకులు, కూతుళ్ళు, కోడళ్ళు, అల్లుళ్ళు చేరతారు.
5. మనవలు, మనవరాళ్ళు, వాళ్ళ పిల్లలు. ఇక బామ్మగారు గదికి వెళ్తారు.
6. అమ్మమ్మ, తాతయ్య, వధూవరులు.
7. అమ్మ, నాన్న, నేను, మా ఆయన చేరతాం.
8. మామయ్యలు, అత్తయ్యలు, పిన్ని, బాబాయి, వాళ్ళ పిల్లలు అందరూ ఒకేసారి. అమ్మమ్మ, తాతయ్యల పని పూర్తి.
9. నాన్నమ్మ, చిన్నతాతయ్య, వధూవరులు.
10. నాన్న, ఆయన తమ్ముళ్ళు, మేనత్త, వాళ్ళ కుటుంబాలు.

ఒక్కోదానికి రెండు నిమిషాలు, పెద్ద గుంపులకు మూడు. 6:20కి ముగించాలి. 6:45కి అతిథులు రావడం మొదలవుతుంది. చిన్నతాతయ్య కారు చింతామణి, హోస్కోటె మీదుగా వస్తుంది. కె.ఆర్.పురం దగ్గర ట్రాఫిక్‌లో చిక్కుకుంటే ఆయన కోసం ఆగవద్దు, 9, 10 చివర్లోనే ఉన్నాయి. 5:50కి రాకపోతే 1వ ఫొటో నలుగురితో తీసేయండి. ఆయనతో ఆదివారం ఉదయం ఎదుర్కోలుకు ముందు తీద్దాం.

కెమెరా గురించి మీకు చెప్పేంతవాళ్ళం కాదు కానీ మూడు సంగతులు గుర్తుంచుకోండి. వీడియో లైట్లు తాతయ్య కళ్ళలోకి నేరుగా కొట్టకూడదు, ఫ్లాష్‌ను పైకప్పుకు కొట్టి తీస్తే మంచిది. రెండు మూడు వరుసలున్నప్పుడు ఎఫ్ 8 దగ్గర పెట్టండి, వెనక నిలబడ్డ పిల్లల ముఖాలు కూడా స్పష్టంగా రావాలి. ప్రతి గుంపుకూ నాలుగు క్లిక్‌లు తీయండి, ఎవరో ఒకరు కళ్ళు మూస్తారు. లెక్క పైకి చెబుతూ చెయ్యి కూడా ఎత్తండి, తాతయ్యకు మాట వినపడదు, చెయ్యి కనపడుతుంది.

పిలిచేవాళ్ళు: అబ్బాయివైపు సుమంత్ వాళ్ళ బావగారు, మావైపు మా పిన్ని. ఒక ఫొటో తీస్తుండగానే తర్వాతి గుంపును పక్కన నిలబెట్టాలి. మైకులో పిలవవద్దు. వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకురండి. బంధువులు ఫోన్లతో ముందుకొస్తే, మీ ఫొటో అయ్యాక పది సెకన్లు ఇవ్వండి. లేకపోతే పెద్దవాళ్ళు ఎవరి వైపు చూడాలో తెలియక అటూ ఇటూ తిరుగుతారు.

ఆదివారం ఉదయం

గౌరీపూజ, మామయ్యలు హారికను బుట్టలో తీసుకురావడం, అడ్డుతెర, కన్యాదానం, 10:20కి జీలకర్రబెల్లం, మంగళసూత్రధారణ, తలంబ్రాలు, సప్తపది. ఇవన్నీ మీకు కొత్త కాదు. జీలకర్రబెల్లం సమయంలో మాత్రం ఒక కెమెరా మొదటి వరుస వైపు ఉండాలి. ఆ క్షణంలో అమ్మమ్మ ముఖం నాకు కావాలి. ట్రైపాడ్‌లు ఆ వరుసకు అడ్డంగా పెట్టవద్దు. మనవరాలి పెళ్ళి చూడటానికి వచ్చి కెమెరామన్ల వీపులు చూసి వెళ్ళకూడదు.

ఇంకో మాట. నాన్నమ్మ, బామ్మగారు మంగళసూత్రం వేళ తమంతట తామే వెనక్కి జరుగుతారు. తాము ముందుకు రాకూడదని వాళ్ళ మనసులో ఉంది. మేం రెండు ఇళ్ళవాళ్ళం వాళ్ళు ముందు వరుసలోనే ఉండాలని నిర్ణయించుకున్నాం. ఎవరైనా "ఆవిడను కాస్త పక్కకు జరపండి" అంటే దయచేసి వినవద్దు, నన్ను పిలవండి.

తలంబ్రాలు అయ్యాక వధూవరులే కిందికి దిగి మొదటి వరుస దగ్గరికి వస్తారు. అక్షింతలు, ఆశీర్వాదం అక్కడే, కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే. ఆ అయిదు నిమిషాలూ ఇద్దరు ఫొటోగ్రాఫర్లూ అక్కడే ఉండాలి. పురోహితుడు గారికి ముందే చెప్పాం. తర్వాత పెద్దవాళ్ళు నేరుగా మొదటి బంతికి, 11:30కి. అక్కడ తినేటప్పుడు ఫొటోలు వద్దు.

కజిన్లు, స్నేహితులు, ఆఫీసువాళ్ళు, పక్కింటివాళ్ళ గ్రూపులు అన్నీ భోజనాల తర్వాత, 1:30 నుంచి స్టేజీ మీద. వాళ్ళు ఆగగలరు.

1, 2, 6, 9 ఫొటోలు, అమ్మమ్మ తాతయ్యల జంట ఫొటో ఆల్బమ్ కోసం ఆపకండి. వాటిని పెద్ద ప్రింట్లుగా వేయించి పది రోజుల్లో ఇవ్వండి. హిందూపురం, మదనపల్లె ప్రింట్లు నేనే తీసుకెళ్ళి ఇస్తాను. వాట్సాప్‌లో పంపితే వాళ్ళు ఎవరినైనా అడిగి చూడాలి.