పియాజే నాలుగు దశలు: పోలిక చార్టు (బీఎడ్ మొదటి సంవత్సరం, నల్గొండ బ్యాచ్)

చాప్టర్‌లో ఉన్న స్కీమాటా, సాంశీకరణం, అనుగుణ్యం ఈ చార్టులో వెతకొద్దు. అవి ప్రతి దశలోనూ జరిగేవే కాబట్టి పోలికకు అక్కరకు రావు. దశకూ దశకూ తేడా పట్టించేవే ఉంచాను. వయసులన్నీ సుమారు లెక్క.

| దశ | వచ్చేది | ఇంకా రానిది | గుర్తు |
|---|---|---|---|
| ఇంద్రియ చాలక, 0–2 ఏళ్లు | చూసి, పట్టుకుని, నోట్లో పెట్టుకుని తెలుసుకోవడం. వస్తు స్థిరత్వం | మాటలతో, గుర్తులతో ఆలోచించడం | సుమారు 8 నెలలు దాటాక, గుడ్డ కింద దాచిన గిలక్కాయ కోసం వెతకడం |
| పూర్వ ప్రచాలక, 2–7 | భాష, ఊహాత్మక ఆట | పదిలపరచుకునే భావన, విపర్యయం, ఎదుటివారి వైపు నుంచి చూడటం | “చందమామ మా బండి వెంబడే వస్తుండు” |
| మూర్త ప్రచాలక, 7–11 | పై వరుసలో ఇంకా రానివన్న మూడూ. వర్గీకరణ, శ్రేణి క్రమం | కళ్లముందు లేనిదాని మీద తర్కం | సీతాఫలం గింజలను దగ్గరగా పేర్చినా, దూరంగా పేర్చినా “అన్నే ఉన్నయి” అనడం |
| అమూర్త ప్రచాలక, 11 నుంచి | పరికల్పన, ఒక్కో చరాన్నే మార్చి పరీక్షించడం | అందరికీ, అన్ని విషయాల్లో ఒకేలా రాదు | “సాగర్ ఎడమ కాలువ లేకుంటే మిర్యాలగూడల ఇంత వరి పండేదా?” అన్న ప్రశ్నతో కుస్తీ పట్టడం |

అసలు గీత రెండో వరుసకూ మూడో వరుసకూ మధ్య ఉంది. చాప్టర్ ఇక్కడే గజిబిజి చేసింది. ఒకే సైజు గ్లాసులు రెండింటిలో సమానంగా నీళ్లు పోసి, ఒకదాన్ని సన్నని పొడవాటి సీసాలోకి వంచండి. ఐదేళ్ల పాప “సీసాలనే ఎక్కువ” అంటుంది. ఆమె చూపు ఎత్తు మీదే ఆగింది, వెడల్పును లెక్కలోకి తీసుకోలేదు. దీన్నే ఏకమితి అంటారు. ఎనిమిదేళ్ల పిల్లాడు “మళ్ల గ్లాసుల పోస్తే అంతే ఉంటయి గదా సార్” అంటాడు. ఆ “మళ్ల పోస్తే” అన్నదే విపర్యయం. జవాబు కన్నా పిల్లలు చెప్పే కారణాన్ని రాసుకోండి, దశ తెలిసేది దాన్నిబట్టే.

అయితే ఈ పదిలపరచుకునే భావన ఒక్కసారే రాదు. మట్టిముద్దను పాములా సాగదీసినా మట్టి అంతే అని ఏడేళ్లకు చెప్పే పిల్లాడికి, బరువూ అంతే అనడానికి తొమ్మిది దాకా, ఘనపరిమాణం విషయంలో పదకొండు దాకా పట్టొచ్చు. గడులు కచ్చితంగా కనిపిస్తున్నా, లోపల ఇలా మెట్లున్నాయి.

“ఇంకా రానిది” గడిని కూడా రాతిగీతలా చదవకండి. 1974లో మెక్‌గారిగల్, డొనాల్డ్‌సన్ చార్టులోని గింజల వరుస లాంటి ప్రయోగమే చేసి, ఆ వరుసను పెద్దవాళ్లు కాకుండా అల్లరి టెడ్డీబొమ్మ చెదరగొట్టినట్టు చూపారు. అప్పుడు నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లల్లో చాలా ఎక్కువమంది సరిగా చెప్పారు. పెద్దాయన కావాలని మార్చి మళ్లీ అదే ప్రశ్న అడిగితే, జవాబు మారాలేమో అని పిల్లలు అనుకునే వీలుంది. టీచింగ్ ప్రాక్టీస్‌లో మీరూ ఒకే ప్రశ్నను రెండుసార్లు అడిగేముందు ఇది గుర్తుంచుకోండి.