చిన్నత్తయ్యకి, గిన్నెతో పాటు

చిన్నత్తయ్యా,

మీ మూతగిన్నె మరిదిగారి చేత పంపిస్తున్నాను. ఖాళీ గిన్నె పంపకూడదు కాబట్టి అందులో కందిపొడి పోశాను. దాని సంగతి చివర్లో చెబుతాను. ఆదివారం రాత్రి రైలు హడావుడిలో చెప్పులు వేసుకుంటూ "వెళ్ళొస్తామండీ" అన్నానే గానీ, చెప్పాల్సినవి చాలా మిగిలిపోయాయి. ఫోనులో చెబితే "ఆ, చాల్లే, ఏం చేశానని" అని మాట తప్పించేస్తారు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

ముందు బొబ్బట్లు. అందరికీ పళ్ళెమంత వేశారు, మావయ్యగారి విస్తట్లో మాత్రం అరచెయ్యంతవి రెండు వేశారు. ఆయనకి షుగరని మీరు అనలేదు, ఎవర్నీ అననివ్వలేదు. "వద్దు" అనాల్సిన అవసరం రాకుండా ఆయన రెండు తిన్నారు, నెయ్యి కూడా వేయించుకున్నారు. ఇంటికొచ్చాక అత్తయ్యగారితో, "అది నాకోసం వేరే చేసింది, చూశావా" అన్నారు. మీరు దాచిపెట్టానని అనుకున్నారేమో, ఆయనకి తెలిసిపోయింది.

అత్తయ్యగారి మోకాళ్ళ సంగతీ అంతే. మేమంతా కింద బంతిలో కూర్చుంటే ఆవిడ ఒక్కరే బల్ల దగ్గర మిగిలిపోతారని, చిన్నమావయ్యగారి చేత "నాకూ నడుం పట్టేసింది" అనిపించి పక్కన కుర్చీ వేయించారు. ఆయన మర్నాడు పొద్దున్నే మేడ మీద నీళ్ళ ట్యాంకు కడిగారని మరిదిగారు చెప్పారు. కాబట్టి ఆ నడుం నొప్పి ఎవరి వంటకమో మాకు అర్థమైంది.

ఇక పనసపొట్టు కూర. మీరు చేస్తుంటే పక్కన నిలబడి చూసింది ఇక్కడ రాస్తున్నాను. తప్పుంటే దిద్దండి. అరకిలో పొట్టు కడిగి, ఉప్పు, పసుపు వేసి, అది మునిగేంత నీళ్ళలోనే ఉడికించారు. తుంపు వేళ్ళ మధ్య నలగాలి గానీ ముద్ద కాకూడదు. చింతపండు అప్పుడే వేస్తే ఆ పులుపుకి పొట్టు బిరుసెక్కి ఇక ఉడకదన్నారు. వార్చాక చల్లారనిచ్చి, గుప్పెడు గుప్పెడు చొప్పున పిండి, పళ్ళెంలో పొడిపొడిగా విదిల్చారు. నీరుండిపోతే కూర ముద్దయిపోయేది ఇక్కడేనన్నమాట. తర్వాత అయిదు గరిటెల నూనెలో శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిర్చి, చీల్చిన పచ్చిమిర్చి, ఇంగువ, కరివేపాకు. అందులో నిమ్మకాయంత చింతపండు గుజ్జు పోసి, పచ్చివాసన పోయి నూనె తేలాక పొట్టు వేశారు. జీడిపప్పు విడిగా వేయించి చివర్న కలిపారు. గరిటె అంటే మీ పోపు గరిటే కదా? వడ్డించే గరిటె అనుకుంటే కూర నూనెలో ఈదుతుంది.

అసలు కిటుకు ఆవలో ఉంది. రెండు చెంచాల ఆవాలు, రెండు ఎండుమిరపకాయలు, చిటికెడు ఉప్పు, కాసిని చన్నీళ్ళు చల్లి నూరారు. అక్కడి దాకా అందరూ చేస్తారు. కానీ పొయ్యి ఆపేశాక మీరు మూకుడు దించి పక్కన పెట్టి, మూడుసార్లు వచ్చి కూర మీద అరచెయ్యి ఆనించి చూశారు. రెండుసార్లు "ఇంకా ఉంది" అని వెళ్ళిపోయారు. మూడోసారి గానీ ఆవ కలపలేదు. వేడి మీద కలిపితే ఘాటు ఎగిరిపోయి చేదు మిగులుతుందని మాటవరసకి చాలామంది చెబుతారు. ఎంత చల్లారాలో మాత్రం ఆ చెయ్యి చూస్తేనే తెలిసింది. పైగా ఆవ కలపకముందే చంటిదాని కోసం చిన్న గిన్నెలోకి కూర తీసి, అందులోంచి పచ్చిమిరపకాయలు ఏరేశారు. అది కూర అడిగి మరీ రెండోసారి వేయించుకోవడం మా ఇంట్లో ఎప్పుడూ జరగలేదు.

గారెల గురించి మీరు మూడుసార్లు నొచ్చుకున్నారు. నిజమే చెబుతాను, మొదటి వాయి నూనె పీల్చింది. పొద్దున నానబోసిన పప్పు సాయంత్రం దాకా ఉండిపోయింది, అది తాగిన నీళ్ళకి తోడు గ్రైండరులో ఇంకాస్త పడింది, పిండి జారైంది. అయితే ఆ తర్వాత మీరు చేసింది నాకు బాగా నచ్చింది. పిండిలో రెండు చెంచాల బియ్యప్పిండి కలిపి రెండో వాయి నిలబెట్టారు. మొదటి వాయిని గోరువెచ్చటి నీళ్ళలో ముంచి, రెండు అరచేతుల మధ్య మెల్లగా నొక్కి, అల్లం, పచ్చిమిర్చి, కొత్తిమీర నూరి కలిపిన పెరుగులో వేసేశారు. మీరు క్షమాపణ చెప్పుకున్న ఆ గారెలే ఆవడలై అందరికంటే ముందు అయిపోయాయి. ఇంకోసారి వాటి ఊసెత్తకండి.

ఒక్క ఫిర్యాదు మాత్రం ఉంది. ఎనిమిదింటికల్లా మాకు వడ్డించేసి, రైలందుకోవాలని తొందరపెట్టి తినిపించి, మీరు మాత్రం మేం చేతులు కడుక్కునేదాకా విస్తరి వేసుకోలేదు. నేను మంచినీళ్ళకి వంటింట్లోకి వస్తే, కూర మూకుడులోనే అన్నం వేసుకుని అంచుల దగ్గర అంటుకున్నదంతా గీకి కలుపుకుంటున్నారు. "ఇదే అసలు రుచి" అన్నారు. రుచే, కాదనను. కానీ గిన్నెలో గరిటెడు కూడా మిగల్లేదని నేనూ చూశాను. అప్పటికే మా డబ్బాలో కూర సర్ది మూతపెట్టేశారు.

వచ్చే నెల కళ్ళు చూపించుకోడానికి హైదరాబాదు వస్తున్నారట. హోటలూ అదీ పెట్టుకోకండి, మా ఇంట్లోనే దిగండి. కళ్ళలో చుక్కలు వేస్తే ఆ పూటంతా మసగ్గా ఉంటుంది కాబట్టి మీరు వంటింటి వైపు రావడానికి వంక కూడా ఉండదు. ఆ రోజు మొదటి విస్తరి మీది. వచ్చేటప్పుడు వీలైతే అరకిలో పొట్టు కొట్టించి తెండి. మాకిక్కడ దొరికితే కాయ దొరుకుతుంది గానీ, మీ రాజమండ్రిలో కొట్టినంత సన్నగా కొట్టేవాళ్ళు దొరకరు. తడి లేకుండా గుడ్డలో చుట్టి తెస్తే ఒక రాత్రి ప్రయాణానికి పాడవదు. కాస్త నల్లబడినా ఫరవాలేదు, పసుపు వేసి ఉడికిస్తాం కదా.

కందిపొడిలో కప్పు కందిపప్పు, అరకప్పు శనగపప్పు, ఎనిమిది ఎండుమిరపకాయలు, చెంచా జీలకర్ర, ఉప్పు, ఇంగువ ఉన్నాయి. మీరు తినరని వెల్లుల్లి వెయ్యలేదు. పప్పులు దేనికది విడిగా, సన్నటి సెగ మీద వేయించాను. పూర్తిగా చల్లారాకే పట్టాను కాబట్టి ఉండ కట్టదు. చిన్నమావయ్యగారికి కారం తక్కువనిపిస్తే ఇంకో రెండు మిరపకాయలు వేయించి కలపండి. తడి చెంచా పెట్టకండి, నెల రోజులుంటుంది.

గిన్నె మూత ఒక పక్క వదులుగా ఉంది, అందుకే గుడ్డ కట్టాను. ఆ గుడ్డ కూడా మీదే, ఆ రోజు కూర డబ్బాకి కట్టిచ్చింది.

మీ పెద్దకోడలు