సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ నోటిఫికేషన్: ఎవరికి వస్తుంది, ఆదాయ పత్రం ఎలా, గడువు ఎప్పుడు, రెన్యువల్ ఏంటి

ఇంటర్‌లో మంచి మార్కులు వచ్చి, ఈ ఏడాది డిగ్రీలోనో బీటెక్‌లోనో చేరి, ఫీజు రీయింబర్స్‌మెంట్ మాత్రం రాని పిల్లలు మన దగ్గర చాలామంది ఉన్నారు. ఆదాయం పరిమితికి కాస్త పైన ఉంటుంది, అంతే. తెలంగాణలో బీసీ, ఈబీసీలకు ఆ పరిమితి పల్లెలో లక్షన్నర, పట్నంలో రెండు లక్షలు, ఆంధ్రాలో రెండున్నర లక్షలు. తండ్రి ఏదో కంపెనీలో నెలకు పాతికవేలు తెచ్చుకుంటున్నా ఏడాదికి మూడు లక్షలు అయిపోతుంది, లిస్టులోంచి పేరు పోతుంది. ఆ ఇంట్లో డబ్బు ఎక్కువై ఏమీ కాదు కదా. సరిగ్గా అలాంటివాళ్లకు పనికొచ్చేది కేంద్ర విద్యాశాఖ ఇచ్చే సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్, ఇప్పుడు పీఎం-యూఎస్‌పీ పేరుతో నడుస్తోంది. దీని ఆదాయ పరిమితి ఏడాదికి నాలుగున్నర లక్షలు. నోటిఫికేషన్ ఇంగ్లిష్‌లో ఉంటుంది, గైడ్‌లైన్స్ ఇంకో ఫైల్‌లో ఉంటాయి, అందుకే చాలామంది సగం చదివి వదిలేస్తున్నారు. ఏ లైన్‌కి అర్థమేంటో ఇక్కడ చెప్తున్నా.

ముందు డబ్బు సంగతి. డిగ్రీ మూడేళ్లూ ఏడాదికి 12,000 రూపాయలు, పీజీలో ఏడాదికి 20,000. బీటెక్ లాంటి నాలుగేళ్ల ప్రొఫెషనల్ కోర్సుకు మొదటి మూడేళ్లు 12,000 చొప్పున, నాలుగో ఏడాది 20,000, అంటే మొత్తం 56,000. దేశం మొత్తం మీద ఏటా కొత్తగా 82,000 మందికి ఇస్తారు, అందులో సగం అమ్మాయిలకే. ఆ సగం ఎందుకు చెప్తున్నానంటే, "మనకెక్కడొస్తుందిలే" అని అమ్మాయిలే ముందు వెనక్కి తగ్గడం చూస్తున్నా. 41,000 సీట్లు వాళ్ల కోసమే పక్కన పెట్టి ఉన్నాయి, అప్లై చేయండి. రిజర్వేషన్లూ ఉన్నాయి: ఎస్సీ 15 శాతం, ఎస్టీ 7.5, ఓబీసీ 27, ప్రతి వర్గంలోనూ దివ్యాంగులకు 5 శాతం.

అందరూ తప్పుగా అర్థం చేసుకునే లైన్ ఒకటుంది, "80 పర్సంటైల్ పైన" అన్నది. అది 80 శాతం మార్కులు కాదు. మీ బోర్డులో, మీ స్ట్రీమ్‌లో పాసైనవాళ్లందరినీ మార్కుల వరసలో నిలబెడితే పై ఇరవై శాతంలో మీరు ఉండాలి. ఎంపీసీలో పోటీ ఎక్కువ కాబట్టి కట్ఆఫ్ బాగా పైన ఉంటుంది, ఆర్ట్స్ గ్రూపుల్లో తక్కువ మార్కులకే లోపలికి రావచ్చు. సైన్స్, కామర్స్, హ్యుమానిటీస్‌లకు 3:2:1 నిష్పత్తిలో పంచుతారు. కాబట్టి హెచ్ఈసీ చదివిన పిల్లలు పక్కింటి ఎంపీసీ అబ్బాయి మార్కులతో పోల్చుకుని మానేయొద్దు, మీ పోటీ మీ స్ట్రీమ్‌లో మీవాళ్లతోనే. ఇంటర్ బోర్డు తన వెబ్‌సైట్‌లో అర్హుల వివరాలు పెడితే అక్కడ హాల్‌టికెట్ నంబర్‌తో చూసుకోండి.

రెగ్యులర్ కోర్సులో చేరి ఉండాలి, దూరవిద్య అయితే రాదు, డిప్లొమా వాళ్లకూ రాదు.

ఇక అసలు మెలిక. వేరే ఏ స్కాలర్‌షిప్పూ, రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా తీసుకోకూడదు అని నోటిఫికేషన్‌లో స్పష్టంగా ఉంది. ఫీజు మాఫీ కూడా అందులోకే వస్తుంది. రెండూ పెట్టి చూద్దాం, ఏదొస్తే అది అనుకునేవాళ్లు ఆగి ఒక్కసారి లెక్క వేసుకోండి. ఇంజనీరింగ్‌లో మీ ట్యూషన్ ఫీజు ప్రభుత్వమే కడుతుంటే 12,000 కోసం దాన్ని పోగొట్టుకోవద్దు, నా అభిప్రాయం అదే. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో చేరి ఫీజు తక్కువగా ఉన్నవాళ్లకు లెక్క తిరగబడొచ్చు, రీయింబర్స్‌మెంట్‌లో వచ్చేదెంత, ఇక్కడ వచ్చేదెంత అని కాగితం మీద రాసుకుని చూడండి. ఏదో ఒకటే ఎంచుకోండి, రెండూ తీసుకున్నట్టు తేలితే వచ్చింది కూడా తిరిగి కట్టమంటారు.

ఆదాయ ధ్రువపత్రం దగ్గరే ఎక్కువ అప్లికేషన్లు ఆగిపోతున్నాయి, అందుకే దీని గురించి కొంచెం వివరంగా చెప్తా. తెల్ల రేషన్ కార్డు ఉంటే చాలు అనుకోవద్దు, తహశీల్దార్ ఇచ్చిన ఇన్‌కమ్ సర్టిఫికెట్ కావాలి. తెలంగాణలో మీసేవలో, ఆంధ్రాలో సచివాలయంలో లేదా మీసేవలో అప్లై చేయాలి. ఆధార్, రేషన్ కార్డు ఉంటే అదీ, జీతం వచ్చేవాళ్లైతే పే స్లిప్పో ఫామ్ 16నో తీసుకెళ్లండి. అది ఆన్‌లైన్‌లో రెవెన్యూ ఆఫీసుకు వెళ్తుంది, కింది సిబ్బంది విచారణ చేసి రాస్తారు, ఆ తర్వాత తహశీల్దార్ సంతకం. మామూలు రోజుల్లో వారంలో రావచ్చు, కానీ అడ్మిషన్ల సీజన్‌లో ఊరంతా అదే లైన్లో ఉంటుంది, కాబట్టి గడువుకు నాలుగు రోజుల ముందు వెళ్లి టెన్షన్ పడొద్దు. కౌంటర్ దగ్గర దరఖాస్తు నింపేటప్పుడు పక్కనే నిలబడి స్క్రీన్ మీద మూడు చూడండి. ఒకటి, ఆదాయం గడిలో పడింది నెలదా, ఏడాదిదా. నెల జీతం 25,000 అని చెప్తే అక్కడ ఏడాది ఆదాయంగా 25,000 పడిపోయిన సర్టిఫికెట్లు ఉన్నాయి, అలాంటిది చూస్తే వెరిఫై చేసేవాళ్లకు అనుమానం రావడం సహజం. రెండు, అమ్మానాన్నలిద్దరి ఆదాయం, పొలం, అద్దె, కూలి అన్నీ కలిపి ఉందా. మూడు, పేర్లు. మీ టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి ఆధార్‌లో పొడి అక్షరం మాత్రమే ఉంటే ముందు ఆధార్ సరిచేయించుకోండి, తర్వాతే ఆదాయ పత్రానికి వెళ్లండి. ఈ వరస మారితే రెండు పనులూ రెండోసారి చేయాల్సి వస్తుంది.

ఆదాయం తగ్గించి రాయించుకోవడానికి మాత్రం వెళ్లొద్దు. నాలుగున్నర లక్షలు అన్నది మామూలు ఉద్యోగి కుటుంబానికి సరిపోయే పరిమితే, ఉన్నది ఉన్నట్టు రాస్తేనే చాలామంది లోపల ఉంటారు. ఇంకో మాట, పాత వీడియోల్లో ఈ పరిమితి ఎనిమిది లక్షలు అని, డబ్బు పదివేలని ఉంటుంది, అవి పాత లెక్కలు.

అప్లై చేసేది నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో, scholarships.gov.in. మొదట ఓటీఆర్ అని వన్ టైమ్ రిజిస్ట్రేషన్ చేయాలి, ఫోన్‌లో ఆధార్ ఫేస్ అథెంటికేషన్ అయ్యాక 14 అంకెల నంబర్ వస్తుంది. చదువు అయ్యేదాకా అదే నంబర్, జాగ్రత్తగా రాసి పెట్టుకోండి. ఆధార్‌కి లింకైన మొబైల్ నంబర్ నాన్నదో, వాడటం మానేసిన పాత సిమ్‌దో అయితే ఓటీపీ రాదు, ముందు అది మార్చుకోండి. కాలేజీ ఎంచుకునేటప్పుడు ఒకే పేరుతో మూడు నాలుగు కాలేజీలు కనిపిస్తాయి, ఆఫీసులో ప్రతి కాలేజీకీ విడిగా ఉండే ఏఐఎస్‌హెచ్‌ఈ కోడ్ అడిగి అదే ఎంచుకోండి. వేరే కాలేజీ నొక్కితే మీ అప్లికేషన్ ఊరుకాని ఊళ్లో ఎవరి లాగిన్‌లోనో పడి ఉంటుంది, మీ కాలేజీవాళ్లకు కనిపించదు.

గడువు సంగతి. పోర్టల్ సాధారణంగా ఎండాకాలం అయ్యాక తెరుచుకుంటుంది, ఇటీవలి ఏళ్లలో విద్యార్థి గడువు అక్టోబర్ చివరికి ఉంటోంది. ఈ ఏడాది తేదీ పోర్టల్‌లో స్కీమ్ పేరు పక్కనే ఉంటుంది, వాట్సాప్‌లో వచ్చినది కాకుండా అదే నమ్మండి. అక్కడ మూడు తేదీలు కనిపిస్తాయి: విద్యార్థి అప్లై చేయడానికి, కాలేజీ వెరిఫై చేయడానికి, ఆ పైస్థాయిలో వెరిఫై చేయడానికి. పిల్లలు మొదటి తేదీ చూసి సబ్మిట్ కొట్టి ఊపిరి పీల్చుకుంటారు. కానీ కాలేజీలో స్కాలర్‌షిప్ పని చూసే నోడల్ ఆఫీసర్ తన లాగిన్‌లో వెరిఫై చేయకపోతే మీ అప్లికేషన్ అక్కడే ఆగిపోతుంది, మీ తప్పేమీ లేకపోయినా. కాబట్టి సబ్మిట్ చేసిన మర్నాడే ప్రింట్, ఆదాయ పత్రం, ఇంటర్ మెమో, కులపత్రం, బోనఫైడ్ పట్టుకుని స్కాలర్‌షిప్ సెక్షన్‌లో ఇవ్వండి. "తర్వాత చూస్తాం" అంటే ఏ రోజు చూస్తారో అడగండి, మర్యాదగానే అడగండి, కానీ అడగండి. ఏదైనా తప్పుంటే డిఫెక్ట్ అని మీకే వెనక్కి పంపిస్తారు. అది సరిచేయడానికీ గడువుంటుంది, అందుకే వారానికోసారి లాగిన్ అయ్యి స్టేటస్ చూసుకోండి, మెసేజ్ వస్తుందిలే అని కూర్చోవద్దు.

బ్యాంకు ఖాతా విద్యార్థి పేరు మీదే ఉండాలి, ఆధార్ సీడింగ్ అయి ఉండాలి. బ్యాంకులో ఆధార్ కాపీ ఇచ్చినంత మాత్రాన సీడింగ్ అయినట్టు కాదు. ప్రభుత్వ డబ్బు నేరుగా ఖాతాలో పడే పద్ధతి డీబీటీ, దానికోసం బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐలో మీ ఆధార్‌ను ఈ ఖాతాకు మ్యాప్ చేయమని బ్యాంకులో ఫామ్ ఇవ్వాలి. ఒక ఆధార్‌కు ఒకే బ్యాంకు మ్యాప్ అయి ఉంటుంది, కొత్త ఖాతా తెరిచినప్పుడు మ్యాపింగ్ అటు మారిపోయి, డబ్బు మీరు మర్చిపోయిన ఖాతాలో పడొచ్చు. యూఐడీఏఐ వెబ్‌సైట్‌లో ఆధార్‌తో లాగిన్ అయితే బ్యాంక్ సీడింగ్ స్టేటస్ కనిపిస్తుంది, ఏ బ్యాంకో చూసుకోండి.

రెన్యువల్ గురించి సీనియర్లు కూడా చదవండి. ఒకసారి ఎంపికైతే నాలుగేళ్లూ దానంతటదే రాదు, ప్రతి ఏడాదీ పోర్టల్ తెరిచినప్పుడు రెన్యువల్ అప్లికేషన్ పెట్టాలి, కాలేజీ మళ్లీ వెరిఫై చేయాలి. షరతులు మూడు: వార్షిక పరీక్షల్లో కనీసం 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు, ర్యాగింగ్‌తో సహా ఏ క్రమశిక్షణ ఫిర్యాదూ ఉండకూడదు. మార్కుల కంటే హాజరే ఎక్కువమందిని దెబ్బ తీస్తుంది. మొదటి సెమిస్టర్‌లో లేటుగా చేరినవాళ్లు, జ్వరమొచ్చి రెండు వారాలు ఇంట్లో ఉన్నవాళ్లు ఏడాది చివర్లో చూసుకుంటే 72 దగ్గర ఆగి ఉంటారు. సెమిస్టర్ మధ్యలోనే మీ శాతం ఎంతో కాలేజీలో అడిగి తెలుసుకోండి, జబ్బు చేస్తే డాక్టర్ సర్టిఫికెట్ అప్పుడే ఇచ్చేయండి.

ఒక ఊరట ఉంది, ఆదాయ పత్రం కొత్త అప్లికేషన్‌కే, రెన్యువల్‌కు మళ్లీ అడగరు. కాబట్టి రెండో ఏడాది నుంచి మీ పని మార్కుల మెమో, హాజరు, బ్యాంకు మ్యాపింగ్ వరకే. అయితే ఫలితాలు ఆలస్యమైతే మెమో చేతికొచ్చేసరికి పోర్టల్ మూసేసే ప్రమాదం ఉంది. యూనివర్సిటీ రిజల్ట్ ఆన్‌లైన్‌లో పెట్టిన రోజే ప్రింట్ తీసి కాలేజీలో సంతకం, స్టాంప్ వేయించుకుని ఉంచండి, దాంతో వెరిఫై చేస్తారేమో నోడల్ ఆఫీసర్‌ని ముందే అడగండి.